రెండున్నర, పది, ఇరవై: అమూల్ పార్లర్ షరతుల్లోని పనితనం

కొత్తగా వ్యాపారంలోకి దిగేవాళ్లు ఫ్రాంచైజీ ప్రకటనల్లో ముందుగా పెట్టుబడి ఎంతో చూస్తారు. చూడాల్సింది మార్జిన్ల వరస. ఆ వరసను దాచకుండా, ఎంతో నేర్పుగా పేర్చిన కాగితం ఒకటుంది. గుజరాత్ పాల సహకార సంఘాల సమాఖ్య తన అమూల్ పార్లర్ల కోసం వెబ్‌సైటులో పెట్టిన షరతుల పేజీ అది. చిన్న పొదుపుతో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

ఇటీవలి సంవత్సరాల్లో ప్రకటించిన అంకెల ప్రకారం చిన్న పార్లర్‌కు వంద నుంచి నూట యాభై చదరపు అడుగుల చోటు చాలు. బ్రాండ్ డిపాజిట్ 25,000 రూపాయలు, షాపు అలంకరణకు 1,00,000, ఫ్రీజర్ల వంటి పరికరాలకు 75,000. మొత్తం సుమారు 2 లక్షలు. రాయల్టీ లేదు, అమ్మకాల్లో సంస్థకు వాటా లేదు. డిపాజిట్ తిరిగి రాదన్న మాట కూడా అందులోనే ఉంది. చేదు షరతును చిన్న అక్షరాల్లో దాచకపోవడం నాకు నచ్చిన మొదటి గుణం.

అసలు పనితనం మార్జిన్లలో ఉంది. ఎమ్మార్పీ మీద పాల ప్యాకెట్‌కు సగటున 2.5 శాతం, వెన్న, నెయ్యి, చీజ్ వంటివాటికి 10 శాతం, ఐస్‌క్రీమ్‌కు 20 శాతం. పాలను ఎవరూ అడిగి అమ్మనక్కర్లేదు, తెల్లారేసరికి వాటంతటవే పోతాయి, మార్జిన్ నామమాత్రం. ఐస్‌క్రీమ్‌కు రాత్రింబవళ్లు ఫ్రీజర్ నడవాలి, సీజన్ కలిసిరావాలి, మార్జిన్ ఎక్కువ. సుమారు 6 లక్షల పెట్టుబడి పెట్టే పెద్ద పార్లర్లో స్కూపులు, షేకులు చేసి అమ్మితే 50 శాతం దాకా వస్తుంది. అక్కడ మనిషి చేతిపని తోడవుతుంది కాబట్టి. దుకాణదారు మోసే శ్రమ, రిస్కు పెరిగేకొద్దీ వాటా పెరిగేలా ఈ మెట్లు కట్టారు.

ఈ మెట్ల మీద ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. రోజుకు పాలు 4,000, ఇతర ఉత్పత్తులు 3,000, ఐస్‌క్రీమ్ 1,500 రూపాయల బేరం జరిగిందనుకుందాం. గల్లా పెట్టెలో 8,500 పడతాయి. మిగిలేది వరసగా 100, 300, 300. అంటే 700. నెలకు 21,000. అందులో అద్దె 8,000, కరెంటు 4,000, పాడైన సరుకు 1,000 తీసేస్తే చేతిలో నిలిచేది 8,000. జీతానికి కుర్రాణ్ణి పెడితే అదీ ఉండదు. వానాకాలంలో ఐస్‌క్రీమ్ బేరం 500కు పడిపోతే నెలకు మరో 6,000 తగ్గి, యజమానికి దక్కేది 2,000 మాత్రమే.

ఇప్పుడు కాగితం మన చేతికి ప్రశ్నలు అందిస్తుంది. బేరంలో దాదాపు సగం పాలదే అయినా వచ్చే లాభంలో దానికి దక్కేది ఏడో వంతు. పాలు మనిషిని గుమ్మం దాకా తెస్తాయి, ఇల్లు గడిపేది ఐస్‌క్రీమ్. ఒక్క పాల ప్యాకెట్ అమ్ముడుపోక పాడైతే ఆ నష్టం పూడ్చడానికి దాదాపు 40 ప్యాకెట్లు అమ్మాలి. కాబట్టి చూడాల్సింది ఉదయం పాల దగ్గరి రద్దీని కాదు, సాయంత్రం ఫ్రీజర్ ఎన్నిసార్లు తెరుస్తున్నారన్నది. ఏదైనా పార్లర్ దగ్గర వేసవిలో ఒక వారం, వానల్లో ఒక వారం నిలబడి లెక్కపెడితే చాలావరకు తేలిపోతుంది.

చీరలు కొని ఇంటి దగ్గర అమ్మే ఆలోచనకూ ఇదే పరీక్ష పెట్టవచ్చు. 600కు కొన్న చీర 800కు పోతే 25 శాతం మార్జిన్ కళ్లకు కనిపిస్తుంది. పది చీరలకు పెట్టింది 6,000. ఏడు అమ్మితే వచ్చేది 5,600. ఎనిమిదోది అమ్ముడయ్యేదాకా లాభం పుట్టదు. మిగిలిన రెండూ బీరువాలో ఉండిపోతే లాభం 400 దగ్గరే ఆగిపోతుంది. పాలలో మార్జిన్ సన్నం, డబ్బు మాత్రం ఆ రోజే తిరిగొస్తుంది. చీరల్లో మార్జిన్ లావు, డబ్బు నెలల తరబడి ఇరుక్కుంటుంది.

ఈ కాగితానికీ హద్దులున్నాయి. పైన చెప్పిన మూడు ఖర్చులు కలిపితేనే 2,00,000. షాపు అడ్వాన్సు, హోల్‌సేల్ డీలరు దగ్గర కొనే సరుకు, నిలదొక్కుకునేదాకా ఇంటి ఖర్చు వేరే చూసుకోవాలి. ఈ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు డబ్బు వసూలు చేస్తున్నాయని సంస్థ జనాన్ని హెచ్చరించింది కూడా. అందుకే అంకెలను దరఖాస్తు చేసేనాటికి అసలు సైటులోనే సరిచూసుకోవాలి.

సొంత చోటు ఉండి, ఇంటివాళ్లే కౌంటర్లో కూర్చుని, సాయంత్రం జనం ఆగే వీధి దొరికితే ఈ పార్లర్ సరిపోతుంది. పై లెక్కలో అద్దె ఒక్కటీ లేకపోతే మిగిలేది 8,000 కాదు, 16,000. రెండు లక్షలే మొత్తం పొదుపు అయి, షాపూ అద్దెదే అయితే సరిపోదు. ఈ తీర్పు డబ్బు కట్టకముందే ఇవ్వగలిగేలా రాసినందుకే నాకు ఆ పేజీ మీద అంత గౌరవం. మార్జిన్లు ముందే చెప్పని ఫ్రాంచైజీ ఏదైనా, ఎంత పేరున్నదైనా, మొదటి పొదుపు పెట్టదగ్గది కాదు.