అలీపూర్ వానల పట్టికకు రంగు వేసేటప్పుడు

కోల్‌కతాలోని అలీపూర్ కేంద్రానికి భారత వాతావరణ శాఖ 1981–2010 కాలానికి కట్టిన సగటు వర్షపాతం డిసెంబరులో సుమారు 3 మిల్లీమీటర్లు, జూలైలో సుమారు 396 మిల్లీమీటర్లు. ఇంత తేడా ఉన్న అంకెలకు రంగు పులమడం పెద్ద పనేమీ కాదని అనిపించినా, ఏ కొలతను ఆధారం చేసుకొని వేశారన్న దానిని బట్టి అదే పట్టిక వేర్వేరు సంగతులు చెబుతుంది.

ఎక్సెల్‌లో గడులను ఎంచుకొని Conditional Formatting కింద Color Scales తెరిస్తే, అతి తక్కువ విలువకు ఒక రంగు, అతి ఎక్కువ విలువకు మరొక రంగు ఇచ్చి, నడిమి విలువలకు ఆ రెండింటి మిశ్రమాన్ని దామాషాగా పంచే ఏర్పాటు దొరుకుతుంది. వానకు లేత పసుపు నుంచి ముదురు నీలానికి సాగే శ్రేణి నప్పుతుంది; తెలుపుతో మొదలుపెడితే, లెక్క నమోదు కాని ఖాళీ గడికీ చినుకు పడని నెలకీ తేడా తెలియదు. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, సుమారు 1,837 మిల్లీమీటర్ల వార్షిక మొత్తాన్ని కూడా ఎంపికలో కలిపేయడం. అప్పుడు ముదురు నీలమంతా మొత్తానికే పోయి, జూలై గడికి అందులో అయిదో వంతు చిక్కదనమే దక్కుతుంది. కుండపోత నెలలు పాలిపోయి కనిపించాయంటే ముందుగా అనుమానించవలసింది దీనినే.

మొత్తాన్ని తీసివేశాక పట్టిక తేరుకుంటుంది గాని, అది చెప్పేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన దండిగా కురుస్తుందన్న మాటే. ఆ సంగతి కోల్‌కతా వాసులకు పట్టిక చూపి చెప్పనక్కరలేదు. అనేక సంవత్సరాలను అడ్డు వరుసలుగా పేర్చినప్పుడు అసలు తెలియవలసింది ఏ ఏటి జూలై తడిసింది, ఏ ఏటి జూలై ఎండింది అన్నది గనుక, కురిసిన వానకు బదులు ఆ నెల సగటు నుంచి వచ్చిన తేడాను శాతంగా కట్టి, దానికి రంగు వేయడం మేలు. సగటులు 32వ వరుసలో ఉంటే సూత్రం ఇది:

```
=(B2-B$32)/B$32*100
```

ఈ లెక్కన 200 మిల్లీమీటర్ల జూలై దాదాపు 50 శాతం లోటుగా తేలుతుంది. వాతావరణ శాఖ 19 శాతం వరకు హెచ్చుతగ్గులను సాధారణంగానే పరిగణిస్తుంది కాబట్టి, ఇది స్పష్టమైన లోటు. అయితే డిసెంబరులో 12 మిల్లీమీటర్లు కురిస్తే 300 శాతం మిగులు వచ్చి, ఆ ఒక్క గడి పట్టికనంతటినీ మింగేస్తుంది. అందుకే మూడు రంగుల శ్రేణిలో హద్దులను Number గా మార్చి −60, 0, 60 అని బిగించాలి. అంతకు మించినవన్నీ చివరి రంగులోనే ఆగిపోతాయి.

ఇంత చేసినా నెలసరి గడికి ఒక పరిమితి ఉంది. 2025 సెప్టెంబరు 23 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో కోల్‌కతాలో సుమారు 250 మిల్లీమీటర్ల వాన పడి వీధులు మునిగాయి. నెల మొత్తంలో కలిసిపోయిన అటువంటి ఒక్క రోజు వానను ఏ రంగూ విడిగా చూపలేదు, దానికి రోజువారీ పట్టికే తెరవాలి.