జూన్ 12న ఎక్కడికి?

పాత బడిని ఖాళీ చేసే రోజున హెడ్మాస్టరు ప్రసంగం సాధారణంగా గోడల చుట్టూ తిరుగుతుంది. స్థలం ఎవరిచ్చారు, పునాది రాయి ఎవరు వేశారు, ఇక్కడ చదివినవాళ్లు ఏ ఉద్యోగాల్లో ఉన్నారు అంటూ సాగుతుంది. వెనక వరసలో పాత విద్యార్థులు కళ్లు తుడుచుకుంటారు. ముందు నేల మీద కూర్చున్న మూడో తరగతి గుంటడికి మాత్రం అందులో ఒక్క ముక్కా పట్టదు. సెలవులయ్యాక ఏ దారిన వెళ్లాలి, అన్నం ఎక్కడ పెడతారు, తన నేస్తం కూడా అక్కడికే వస్తాడా అన్నవే వాడి సందేహాలు. నా లెక్కలో ఆ ప్రసంగం వాడి కోసమే తయారు కావాలి.

నేను హెడ్మాస్టరుగా చేసిన ప్రాథమికోన్నత పాఠశాల ఉద్దానంలో ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలతో పాటు మా బడి పెంకుల్నీ లేపుకుపోయింది. దూలాలు నానాయి, గోడలు బీటలిచ్చాయి. పైన రేకులు కప్పి కొన్నాళ్లు నెట్టుకొచ్చాం. ఊరి అవతల కొత్త కట్టడం పూర్తయ్యాక, 2023 ఏప్రిల్ నెలాఖరున పాతదానికి తాళం వేయాల్సి వచ్చింది.

ప్రసంగం రాసుకునే ముందు జనం ఏమడుగుతున్నారో వినడం మంచిది. ఆ వారమంతా బడి గేటు దగ్గర నాకు ఎదురైన ప్రశ్న ఒకటే. "మేస్టారూ, మా గుంటడికి రికార్డు షీటు ఇచ్చీస్తారేటి?" ఆ భయానికి కారణముంది. అంతకు ముందు ఏడాదే, 2022లో, జీవో 117 కింద చాలా ఊళ్లలో 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకు కలిపారు. బడి కదులుతోందంటే బడి పోతోందనే అర్థం ఊళ్లో స్థిరపడిపోయింది.

ఈ రెండిటికీ తేడా చాలా ఉంది. బడి మరో బడిలో కలిస్తే పిల్లల పేర్లు కొత్త చోట అడ్మిషన్ రిజిస్టరులోకి ఎక్కుతాయి, అడ్మిషన్ నంబరు మారుతుంది. ప్రాథమిక తరగతుల పిల్లలకు రికార్డు షీటు, హైస్కూలు పిల్లలకు టీసీ రాయాలి. బడి మొత్తం చోటు మారితే ఇవేవీ అక్కర్లేదు. అదే పేరు, అవే అడ్మిషన్ నంబర్లు, యూడైస్‌లో అదే 11 అంకెల కోడు. అందుకే నా మొదటి వాక్యం ఇలా రాసుకున్నాను: "మన బడి ఎక్కడికీ పోవడం లేదర్రా, ఇల్లు మారుతోంది, అంతే. ఎవరికీ కాగితాలివ్వం, ఎవరి నంబరూ మారదు." ఈ మాట పడేదాకా పెద్దవాళ్లు తర్వాతి మాటలు వినే స్థితిలో ఉండరు. తిత్లీ కథలూ దాతల పేర్లూ దీని తర్వాతే.

రెండోది రిజిస్టరు. దాన్ని బల్ల మీద పెట్టి చూపిస్తూ మాట్లాడాను. పేరు, తల్లిదండ్రులు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ అని గళ్లు గీసిన పుస్తకం చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. కానీ ఎప్పుడో బడి మానేసి వలస పోయినవాడు పాస్‌పోర్టుకో ఉద్యోగానికో పుట్టిన తేదీ రుజువు కావాలని వచ్చినప్పుడు హెడ్మాస్టరు తెరిచేది దాన్నే. తిత్లీలో తడిసిన సంపుటాల్ని ఆకు ఆకూ విడదీసి నీడలో ఆరబెట్టాం. ఎండలో పెడితే సిరా వెలిసిపోతుంది. "పాత కాగితం కావాల్సినవాళ్లు ఇక కొత్త బడికే రండి, ఈ పుస్తకం నాతోనే వస్తుంది" అన్నప్పుడు వెనక వరసలోని పెద్దవాళ్లు నిటారుగా కూర్చున్నారు. బెంచీలు, బీరువాలు ట్రాక్టరులో వెళ్లొచ్చు. అడ్మిషన్ రిజిస్టరు మాత్రం హెడ్మాస్టరు చేతిలోనే వెళ్లాలి. స్టాకు రిజిస్టరుతో సామాను సరిచూశాకే తాళం వేయాలి.

మూడోది తేదీ. సెలవులకు ముందు బడి మార్చడం సామాను మోసుకోడానికి వీలే గానీ, పిల్లల్ని నిలుపుకోడానికి కష్టం. నలభై రోజులు దాటిన వ్యవధిలో ప్రైవేటు బడుల వాళ్లు ఇంటింటికీ తిరుగుతారు, వలస వెళ్లిన అమ్మానాన్నలు పిల్లల్ని కూడా తీసుకుపోతారు. అందుకే జూన్ 12 అన్న తేదీని ప్రసంగంలో మళ్లీ మళ్లీ అన్నాను, చివరికి పిల్లల చేతే అనిపించాను. తర్వాత దారి చెప్పాను, ఊరి గుర్తులతోనే: రామమందిరం, నీళ్ల ట్యాంకు, జీడితోట మలుపు. అన్నం వండే అమ్మ మారదని చెప్పి, ఆవిడను లేచి నిలబడమన్నాను. ఆ రోజు చప్పట్లన్నీ ఆవిడకే.

మాట తీరు సంగతి కూడా చెప్పాలి. మైకు ముందుకు రాగానే మాకు పుస్తకాల తెలుగు పూనుతుంది. గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లాలో అది మరీ అన్యాయం. 1880లో పర్లాకిమిడి బడిలో మేస్టారుగా చేరిన ఆయన, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. మనం మన పిల్లలకు మన తెలుగులో బడి చిరునామా చెప్పలేమా? "నూతన ప్రాంగణం" అని మొదలుపెడితే పిల్లలు గుడి అనుకుంటారు. "గెడ్డ అవతల కట్టిన బడి" అంటే చాలు.

నిడివి పది నిమిషాలు మించకూడదు. ఏప్రిల్ ఎండలో అతిథుల ప్రసంగాలు ముందు పెడితే హెడ్మాస్టరు వంతు వచ్చేసరికి పిల్లలు సొమ్మసిల్లుతారు. కాబట్టి మొదట హెడ్మాస్టరు, తర్వాత పిల్లలకు మజ్జిగ, ఆ తర్వాతే అతిథులు. ప్రసంగం పనిచేసిందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. మజ్జిగ తాగుతున్న ఒకటో తరగతి పిల్లల్లో కొందర్ని పిలిచి, ఎప్పుడు రావాలి, ఎటు రావాలి అని అడగాలి. వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ మైకు పట్టుకోవాలి.

ఊరే కదిలిపోతే సంగతి వేరు. భోగాపురం విమానాశ్రయం కోసం మరడపాలెం లాంటి ఊళ్లు పునరావాస కాలనీలకు వెళ్లాయి. హిరమండలం దగ్గర వంశధార జలాశయం కిందా ఊళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడ పిల్లలకు పాత ఇల్లూ మిగల్లేదు, పాత దారీ మిగల్లేదు. ఒకే ఊరివాళ్లు వేర్వేరు కాలనీలకు చెదిరితే "అందరం కలిసే ఉంటాం" అన్న మాట అబద్ధమవుతుంది. అలాంటి చోట ఎవరు ఏ బడికి వెళ్తారో జాబితా ముందే చేతిలో ఉండాలి. ప్రసంగం ఆ జాబితా దాటి ఒక్క హామీ కూడా ఇవ్వకూడదు.

నా ప్రసంగంలో అన్నిటికన్నా జాగ్రత్తగా అన్న వాక్యం గెడ్డ గురించి. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతుల బడి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతులది మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. మా కొత్త బడి ఆ లెక్కలో సరిగ్గానే ఉంది. అయితే వాన పడితే గెడ్డ పొంగుతుంది, లెక్కలో గెడ్డకు గడి లేదు. కల్వర్టు వేయిస్తానని అనడం తేలిక, కానీ అది నా చేతిలో పని కాదు. కాబట్టి "కల్వర్టుకి అర్జీ పెట్టాం, ఇంకా మంజూరు కాలేదు. గెడ్డ పొంగిన రోజు పిల్లల్ని పంపకండి, ఆ రోజు గైరుహాజరు రాయను" అన్నాను. చప్పట్లు పడలేదు. బడి తెరిచాక తల్లిదండ్రులు నన్ను గుర్తు చేసి అడిగింది మాత్రం ఆ ఒక్క వాక్యమే.