ఎనిమిది గంటల హ్యాండోవర్

"బెడ్ 14, 56 ఏళ్లు, నిమోనియా, హైఫ్లో మీద ఉన్నారు, శాచురేషన్ 92, స్టేబుల్."

రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ మారేటప్పుడు మెడికల్ వార్డుల్లో రోజూ వినిపించే మాట ఇది. ఇందులో చివరి పదం తప్ప తప్పేమీ లేదు. కానీ నైట్ డ్యూటీ డాక్టరు చెవిలో నిలిచేది ఆ చివరి పదమే. ఆయన తలూపి బెడ్ 15కి వెళ్లిపోతాడు.

ఇలాంటి పేషెంటును ఒకరిని ఊహించుకుందాం. ఉదయం ఎనిమిదింటికి హైఫ్లో పెట్టారు. ముక్కులోకి వెడల్పాటి గొట్టాల గుండా, వేడి చేసి తేమ పట్టించిన గాలిని నిమిషానికి 60 లీటర్ల దాకా పంపే మిషన్ అది. గాలి వేగం ఒక మీటతో, అందులో ఆక్సిజన్ శాతం ఇంకో మీటతో పెంచుకోవచ్చు. మన పేషెంటుకు మధ్యాహ్నం రెండింటికి ఆక్సిజన్ 50 శాతం, శాచురేషన్ 94, శ్వాస నిమిషానికి 26. ఐదింటికి 60 శాతం మీద 93, శ్వాస 30. ఎనిమిదింటికి 70 శాతం మీద 92, శ్వాస 34.

మానిటర్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె ఆరు గంటల్లో 94 నుంచి 92కి వచ్చింది, అంతే. మధ్యలో మిషన్ ఎంత ఎక్కువ ఇవ్వాల్సి వచ్చిందో, ఛాతీ ఎంత ఎక్కువ కష్టపడాల్సి వచ్చిందో ఆ అంకె చెప్పదు. హైఫ్లో గొప్పతనం, ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నాయి. పడిపోతున్న ఊపిరితిత్తులను అది చాలాసేపు పడిపోనట్టు చూపించగలదు. వార్డు స్కోర్లు కూడా ఈ విషయంలో కొంత గుడ్డివే. బ్రిటన్ వార్డుల్లో వాడే న్యూస్-2 స్కోరులో ఆక్సిజన్ మీద ఉన్నందుకు రెండు మార్కులు పడతాయి; ఆ ఆక్సిజన్ 28 శాతమైనా 80 శాతమైనా అవే రెండు.

ఈ లోటును పూడ్చేది రాక్స్ ఇండెక్స్. స్పెయిన్ వైద్యుడు ఓరియోల్ రోకా బృందం తెచ్చిన లెక్క ఇది. శాచురేషన్‌ను ఆక్సిజన్ వంతుతో భాగించి, వచ్చినదాన్ని శ్వాసల సంఖ్యతో మళ్లీ భాగించాలి. ఫోన్‌లో కాల్క్యులేటర్ ఉంటే చాలు. మన పేషెంటుకు రెండింటికి 94ను 0.5తో భాగిస్తే 188, దాన్ని 26తో భాగిస్తే 7.2. ఐదింటికి 5.2. ఎనిమిదింటికి 3.87. శాచురేషన్ రెండు మెట్లే దిగిన చోట రాక్స్ దాదాపు సగానికి పడింది.

నిమోనియా పేషెంట్లలో రోకా బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 4.88 లేదా ఆపైన ఉంటే ట్యూబ్ వేయాల్సిన అవసరం తక్కువ. హైఫ్లో పెట్టిన 12 గంటలకు 3.85 కన్నా తగ్గితే విఫలమయ్యే ప్రమాదం ఎక్కువ. మన పేషెంటుది 3.87. కాగితం మీద హద్దుకు ఇంకా ఇవతలే ఉన్నారు. ఆ 0.02 చూసుకుని ఊరట పడేవాళ్లుంటారు, కానీ ఈ లెక్క ఒకసారి చూసి వదిలేసేది కాదు. 7.2 నుంచి 5.2కి, అక్కడి నుంచి 3.87కి జారుతున్న మనిషి 3.85 దగ్గర ఆగుతాడని అనుకోవడానికి కారణమేమీ లేదు. ఇంకో మాట. ఎవరైనా అవసరం లేకుండా ఆక్సిజన్ శాతం పెంచి మరిచిపోతే రాక్స్ ఊరికే పడిపోతుంది. జ్వరానికి, నొప్పికి శ్వాస పెరిగినా పడిపోతుంది. సీఓపీడీ పేషెంట్లకు ఈ హద్దులు అలాగే వర్తిస్తాయని అనుకోకూడదు. అందుకే అంకెతోపాటు మనిషిని కూడా అప్పగించాలి.

అప్పగింతకు వరస ఉండాలన్న ఆలోచన వైద్యంలోకి బయటినుంచే వచ్చింది. ఎస్‌బార్ అనే నాలుగు మెట్ల పద్ధతి అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుంచి కైజర్ పర్మనెంటే ఆసుపత్రులకు చేరింది. ఫోన్ చేసి సాయం అడగడానికి అది బాగుంటుంది. రాత్రంతా ఒక పేషెంటును ఇంకొకరి చేతిలో పెట్టడానికి మాత్రం ఐ-పాస్ మెరుగని నా అభిప్రాయం. పిల్లల వార్డుల్లో పనిచేసే జూనియర్ డాక్టర్లతో తొమ్మిది ఆసుపత్రుల్లో దీన్ని అమలుచేసి చూశారు. 2014లో వచ్చిన ఫలితాల్లో వైద్యపరమైన తప్పులు 23 శాతం తగ్గాయి. ఐ-పాస్‌లో పేషెంటు ఎంత సీరియస్ అన్నది మొదటి మాట, విన్నవాళ్లు తిరిగి చెప్పడం చివరి మాట. మధ్యలో క్లుప్తంగా కథ, చేయాల్సిన పనులు, "ఇలా జరిగితే ఇలా చెయ్యి" అన్న ముందస్తు ఏర్పాటు.

మన బెడ్ 14కి దాన్ని మన వార్డు భాషలో చెబితే ఇలా ఉంటుంది. పగటి డ్యూటీ పీజీ ముందు చోటు మారుస్తుంది. డ్యూటీ రూమ్‌లో కుర్చీలో కూర్చుని కాదు, బెడ్ పక్కన.

"సార్, అందరికన్నా ముందు 14 గురించి చెప్తాను. ఈయన కండిషన్ పడిపోతోంది. ఐసీయూ వాళ్లకు ఏడూ ముప్పావుకు చెప్పాను, బెడ్ ఖాళీ చేస్తున్నారు, తొమ్మిదిలోపు తీసుకుంటామన్నారు."

ఇక్కడ 'స్టేబుల్' లేదు, 'కొంచెం చూస్తూ ఉండండి' కూడా లేదు. విన్న మనిషికి భుజాల మీద ఏం పడిందో మొదటి ఊపిరిలోనే తెలిసిపోయింది.

"రెండు వైపులా నిమోనియా, షుగర్ ఉంది. హైఫ్లో పెట్టి పన్నెండు గంటలు. రెండింటికి 50 శాతం మీద 94, శ్వాస 26. ఇప్పుడు 70 శాతం, 50 లీటర్ల మీద 92, శ్వాస 34. నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. రాక్స్ 7.2 నుంచి 3.87. బ్లడ్ గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ మధ్యాహ్నం 31, ఇప్పుడు 40."

ఈ ఆఖరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. 40 అంటే పుస్తకం ప్రకారం నార్మల్. కానీ నిమిషానికి 34 సార్లు ఊపిరి తీసే మనిషి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేసి, 30 దగ్గర ఉండాలి. 40కి ఎక్కిందంటే అలిసిపోతున్నాడన్నమాట. ఇలాగే మోసం చేసేది ఇంకొకటుంది. అర్ధరాత్రి శ్వాస 34 నుంచి 22కి దిగిందని సిస్టర్ చెబితే సంతోషించేముందు పేషెంటును లేపి పేరు అడగాలి. మగతగా మూలుగుతుంటే అది నయమవడం కాదు, సత్తువ అయిపోవడం. అప్పుడు రాక్స్ కూడా పైకి లేచి, బాగుపడుతున్నట్టే చూపిస్తుంది.

అందుకే ఇద్దరు డాక్టర్లూ కలిసి చూడాలి. మెడ కండరాలు బిగుసుకుంటున్నాయా, ఊపిరి లోపలికి తీసినప్పుడు పొట్ట పైకి లేవాల్సింది పోయి లోపలికి లాక్కుంటోందా? "మీ ఊరు ఎక్కడండీ?" అని అడిగి, ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు చెప్పగలుగుతున్నాడో వినాలి. మధ్యాహ్నం ఊరు, మండలం, జిల్లా గుక్కతిప్పుకోకుండా చెప్పినవాడు ఇప్పుడు ఊరి పేరు దగ్గరే ఆగితే ఆ విషయం చార్టులో రాయాలి. ఆ వెంటనే మిషన్: నీళ్ల సీసా ఖాళీ అయిందా, గొట్టంలో నీరు చేరిందా, ముక్కులోంచి గొట్టం జారిందా? పేషెంటు దిగజారుతున్నాడని అనుకునేముందు మిషన్ సరిగ్గా ఉందని తేల్చుకోవడానికి అర నిమిషం చాలు.

తర్వాతి మాటలే ఈ అప్పగింతకు ప్రాణం.

"తొమ్మిదింటికి మళ్లీ లెక్కపెట్టాలి సార్. ఐసీయూ వాళ్లు రాకపోయినా సరే, శ్వాస 35 దాటినా, 80 శాతం అవసరమైనా, మగత వచ్చినా, బీపీ పడినా, 'ఇంకో గంట చూద్దాం' వద్దు. వెంటనే ఐసీయూ రిజిస్ట్రార్‌కు, అనస్థీషియా వాళ్లకు ఫోన్. వాళ్లబ్బాయితో మాట్లాడాను, ట్యూబ్ వేయాల్సి రావచ్చని చెప్పాను, ఒప్పుకున్నారు. కేస్ షీట్‌లో రాశాను."

'ఇంకో గంట చూద్దాం' మీద ఇంత కోపం ఎందుకంటే, కొరియాలో జరిగి 2015లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, హైఫ్లో విఫలమైనవారిలో 48 గంటల్లోపు ట్యూబ్ వేసినవారు 39 శాతం, ఆ తర్వాత వేసినవారు 67 శాతం ఐసీయూలో చనిపోయారు. ఆ తేడా అంతా ఆలస్యం వల్లేనని ఆ పరిశీలన రుజువు చేయలేదు. అయినా ట్యూబ్ అవసరాన్ని హైఫ్లో వాయిదా వేయించగలదన్న భయానికి ఆధారం అదే. కొడుకుతో ముందే మాట్లాడటం కూడా ఇందులో భాగమే. రాత్రి రెండింటికి వరండాలో పడుకున్న మనిషిని లేపి సంతకం అడిగితే, ఆయన ముందు పెద్దనాన్నకు ఫోన్ చేయాలంటాడు. అనడం న్యాయమే. ఆ ఫోన్ ఏడింటికే అయిపోయి ఉండాలి.

ఇప్పుడు విన్నాయన తిరిగి చెప్పాలి. "సరేనమ్మా. 14 పడిపోతున్నారు, ఐసీయూకు తెలుసు, నేను పదింటికి చూసి..."

"తొమ్మిదింటికి సార్."

"తొమ్మిదింటికి. 35, 80 శాతం, మగత, బీపీ. ఏది వచ్చినా ఫోన్."

తిరిగి చెప్పించుకోవడం పెద్దవాళ్లకు పరీక్ష పెట్టినట్టు ఉంటుందని జూనియర్లు మొహమాటపడతారు. ఇక్కడ అది పట్టుకున్నది ఒక గంట తేడాను. ఈ పేషెంటుకు ఆ గంట చిన్నదేం కాదు.

మన వార్డుల్లో డాక్టర్ల హ్యాండోవర్ ఒకచోట, సిస్టర్లది ఇంకోచోట జరుగుతుంది. రాత్రంతా పేషెంటుకు దగ్గర్లో ఉండేది సిస్టరే కాబట్టి, పై నాలుగు హద్దులూ ఆమె ఎదురుగానే చెప్పాలి. "సిస్టర్, సార్ వేరే వార్డులో ఉంటే ఆగొద్దు, మీరే ఐసీయూకు ఫోన్ చేయండి" అన్న అనుమతి కూడా అక్కడే, సార్ వింటుండగానే ఇవ్వాలి.

ఇక తరచుగా మరిచిపోయేది తరలింపు. 50 లీటర్ల వేగంతో 70 శాతం ఇవ్వాలంటే నిమిషానికి దాదాపు 31 లీటర్ల స్వచ్ఛమైన ఆక్సిజన్ ఖర్చవుతుంది. నిండుగా ఉన్న బీ టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లుంటుంది, అంటే 48 నిమిషాలు. సగం ఖాళీగా ఉన్నదైతే, లిఫ్ట్ కోసం నిలబడే సమయం కలిపితే, ఇరుకే. పైగా బ్యాటరీ లేని హైఫ్లో మిషన్లు ఉన్నాయి. ప్లగ్ తీయగానే ఆగిపోతాయి. కాబట్టి రిజర్వాయర్ బ్యాగున్న మాస్కు పెట్టి 15 లీటర్ల మీద తీసుకెళ్తారా, బ్యాటరీ ఉన్న మిషన్ తెప్పిస్తారా, మాస్కు మీద శాచురేషన్ నిలవకపోతే ట్యూబ్ వార్డులోనే వేసి కదిలిస్తారా అన్నది ఎనిమిదింటికే ఐసీయూ వాళ్లతో తేల్చుకోవాలి. సిలిండర్ గేజ్ చూసి, అంబు బ్యాగ్ బెడ్ మీద పెట్టి, లిఫ్ట్ ఆపి ఉంచమని వార్డ్ బాయ్‌కి చెప్పాకే పగటి పీజీ తన బ్యాగు భుజాన వేసుకోవాలి.