పటిక మంటకు అర్థమేమిటి?

గడ్డం గీయడం అయిపోయాక తడిపిన పటిక ముక్కను చెంపల మీద రుద్దుతూ, "మండుతోందా సార్? అయితే క్రిములు చచ్చినట్టే" అంటుంటారు మా సెలూన్ ఆయన. ఈ నమ్మకం ఆయన ఒక్కరిదే కాదు, కుర్చీలో కూర్చున్న మనందరిదీ. మంట ఎంత ఎక్కువైతే మందు అంత బాగా పనిచేసినట్టు లెక్క. కానీ మంట వేరు, క్రిములు చావడం వేరు.

పటికలో ఉండేది పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేటు లవణం. తడి చర్మానికి తగలగానే దాని పైపొర కాస్త కరిగి, ఆమ్లగుణమున్న ద్రావణం అవుతుంది. అందులోని అల్యూమినియం చర్మం మీద, గాటులో ఉన్న ప్రోటీన్లను గడ్డకట్టిస్తుంది. వానాకాలంలో బిందెలోని ఎర్ర నీళ్లలో పటిక తిప్పితే బురద రేణువులు ఒకదానికొకటి అంటుకుని అడుక్కి దిగుతాయి చూడండి, ఇదీ దానికి దగ్గరి పనే. గడ్డకట్టిన ప్రోటీను చిన్న గాటుకు మూతలా పడుతుంది, చుట్టూ చర్మం బిగుసుకుంటుంది, రక్తం ఆగుతుంది. పటికను మెచ్చుకోవలసింది ఇందుకే.

మరి మంట? బ్లేడు చర్మపు పైపొరను గీకినచోట నరాల కొసలు బయటపడతాయి. ఆ ఆమ్లం, లవణం వాటికి తగిలితే మండుతుంది. అక్కడ క్రిములున్నా లేకపోయినా ఒకేలా మండుతుంది. ఆఫ్టర్‌షేవ్ లోషన్ కథ ఇంకా ఆసక్తికరం. మన చర్మంలో వేడినీ మిరప ఘాటునూ పసిగట్టే గ్రాహకం ఒకటుంది. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. ఆల్కహాల్ తగిలితే ఆ గీత 34 డిగ్రీల దాకా దిగిపోతుంది. అంటే మన ఒంటి వెచ్చదనమే మనకు నిప్పులా తోస్తుంది.

అలాగని మంటకు ఏ విలువా లేదనను. అది క్షవరం ఎలా జరిగిందో చెబుతుంది. చెంపల మీద ఏమీ తెలియకుండా దవడ కిందే చురుక్కుమంటే, అక్కడ వెంట్రుక మొలిచిన దిశకు ఎదురుగా గీశామనో, నొక్కి గీశామనో అర్థం. నేను ఇంట్లో గీసుకున్నప్పుడు ముఖం చన్నీళ్లతో కడిగి, పటిక తేలిగ్గా తిప్పి, అర నిమిషం ఆగి, ఎక్కడ మండిందో గుర్తుపెట్టుకుంటాను. మర్నాడు అక్కడ బ్లేడు తేలికగా పోతుంది. అలా గుర్తుపెట్టుకున్న వెంటనే పటికను పూర్తిగా కడిగేయాలి. కడగకుండా వదిలేస్తే ఆరి తెల్లగా పూత కడుతుంది, చర్మం లాగుతుంది, పొట్టు రేగుతుంది.

బామ్ అవసరం అప్పుడే. అందులో ఆల్కహాల్ ఉండదు, ఉన్నా కొద్దిగానే. గ్లిజరిన్, నూనెల వంటివి తేమను నిలుపుతాయి. మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకాన్ని తడితే చల్లబడినట్టు అనిపిస్తుంది, అంతే. బామ్‌ను క్రిమిసంహారిణి అనుకోనక్కర్లేదు, చర్మం కోలుకోవడానికి తోడ్పడితే చాలు.

ఇక అసలు ప్రశ్న. పటిక కొన్ని బ్యాక్టీరియాల పెరుగుదలను అడ్డుకుంటుంది. చంకల్లో వాసన తగ్గడానికి దాన్ని వాడేది అందుకే. అయితే అర నిమిషం రుద్ది కడిగేసే పటికను క్రిమిసంహారిణి అనలేం. ఆల్కహాల్ అరవై, డెబ్బై శాతం ఉన్న లోషన్ క్రిములను చంపగలదు, కానీ గీరుకున్న చర్మాన్ని ఎండబెడుతుంది కూడా. చిన్న గాటుకు సబ్బు, శుభ్రమైన నీళ్లు సరిపోతాయి. రెండో రోజుకు వెంట్రుక మొదట్లో చీము పొక్కులు లేస్తే అది కుదురుకు సోకిన ఇన్ఫెక్షన్. దానికి పటిక రుద్దకుండా, గీయడం ఆపి డాక్టరుకు చూపించాలి.

నన్ను నిజంగా కలవరపెట్టేది సెలూన్ అద్దం ముందు ఉండే ఆ ఉమ్మడి పటిక. బ్లేడు మనిషి మనిషికీ మారుస్తున్నారు, చాలా మంచిది. రాయి మాత్రం ఒకరి గాటు మీంచి మరొకరి గాటు మీదికి పోతూనే ఉంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. పటిక తనను తాను శుద్ధి చేసుకుంటుందని నమ్మి ఆ రాయిని పంచుకోకూడదు. మరిగించి శుభ్రం చేద్దామన్నా అది నీళ్లలో కరిగిపోతుంది. కిరాణా కొట్లో చవగ్గా దొరికే సరుకే కాబట్టి ఎవరి ముక్క వారు చిన్న డబ్బీలో తీసుకెళ్లొచ్చు. లేదంటే పటికను పొడి కొట్టి ఉంచమని, చిటికెడు తడి దూదికి అద్ది గాటు మీద నొక్కి, ఆ దూదిని పారేయమని సెలూన్ ఆయనకు చెప్పొచ్చు. ఈ మాట మా సెలూన్ ఆయనతో అన్నాను. "పొడి కొట్టడం ఎంతసేపు సార్" అంటూ అప్పుడే సీసా వెతికారు.