మాయాబజార్‌కి ఎన్ని టీబీలు?

సురభి నాటకాన్ని కెమెరాతో పట్టాలనుకునేవాళ్లకి మొదటి చిక్కు, అక్కడ రెండో టేకు లేకపోవడం. వేదిక మీద బాణాలు ఢీకొన్నాయంటే ఢీకొన్నట్టే. ఘటోత్కచుడి మాయ జనం కళ్ల ముందు ఒక్కసారే జరుగుతుంది. అందుకే మూడు కెమెరాలు పెట్టి, తెర లేచింది మొదలు చివరి తెర పడేదాకా మూడింటినీ ఆపకుండా నడపాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఈ కుటుంబ నాటకం మీద గంటన్నర డాక్యుమెంటరీ తీద్దామని ఒక చిన్న బృందం కూర్చుందనుకుందాం. కెమెరాలు అద్దెకి దొరుకుతాయి, మనుషులూ దొరుకుతారు. "హార్డ్ డిస్కులు ఎన్ని కావాలి?" అనే దగ్గర మాత్రం ఎవరో ఒకరు "రెండు టీబీలవి ఓ నాలుగు తెద్దాం, చాలకపోతే చూద్దాం" అంటారు. షూటింగ్ మధ్యలో చూడాల్సి వచ్చేది అక్కడే.

సినిమా నిడివి గంటన్నర అన్నది ఈ లెక్కకి దాదాపు అక్కర్లేని సంగతి. కావాల్సింది కెమెరాలు నడిచే గంటలు. నాలుగు నాటకాలు, ఒక్కోటి రెండు రాత్రులు, రాత్రికి రెండున్నర గంటలు, మూడు కెమెరాలు: ఇవి 60 గంటలు. తెర వెనక మేకప్, పరదాలు కట్టడం, పిల్లల రిహార్సల్స్ కోసం 15 రోజులు, రోజుకి మూడు గంటలు, ఒకే కెమెరా: ఇవి 45. పెద్ద కళాకారులతో పది ఇంటర్వ్యూలు, ఒక్కోటి గంటన్నర, రెండు కెమెరాలు: మరో 30. మొత్తం 135 గంటలు. తెర మీద కనబడేదానికి ఇది తొంభై రెట్లు. డాక్యుమెంటరీకి ఇది వింతేమీ కాదు.

ఇక బిట్‌రేట్. కెమెరా సెకనుకి ఎన్ని మెగాబిట్లు రాస్తుందో మెనూలోనే ఉంటుంది. ఆ అంకెని 0.45తో గుణిస్తే గంటకి ఎన్ని జీబీలో వస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు, గంటకి 3600 సెకన్లు. ఈ రెండూ కలిసి ఆ 0.45 అయ్యాయి. సెకనుకి 25 ఫ్రేముల 4కేలో మామూలుగా దొరికే 100 మెగాబిట్ల మోడ్‌కి గంటకి 45 జీబీ. ప్రతి ఫ్రేమునీ విడిగా భద్రపరిచే ఆల్-ఇంట్రా మోడ్ 250 మెగాబిట్లయితే గంటకి 112.5 జీబీ. అదే ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో 4కే తీస్తే గంటకి 332 జీబీ దాకా పోతుంది.

ఇప్పుడు 135 గంటలకి వేసి చూడండి. అంతా 100లో తీస్తే 6 టీబీలు, అంతా 250లో తీస్తే 15, అంతా ప్రోరెస్ హెచ్‌క్యూలో తీస్తే 45 టీబీలకి ఓ పిసరు తక్కువ. ఒకే సినిమా, ఒకే కథ, ఖర్చులో మాత్రం ఏడు రెట్ల తేడా. డిస్కుల బడ్జెట్‌ని నిజంగా తేల్చేది డిస్కు ధర కాదు, మెనూలో ఆ ఒక్క ఎంపిక. దాన్ని షూటింగ్‌కి ముందే తేల్చుకోవాలి. మధ్యలో జాగా చాలక మోడ్ తగ్గిస్తే, ముందు తీసిన నాటకం ఒక తీరుగా, తర్వాత తీసింది ఇంకో తీరుగా కనిపిస్తుంది. నేనైతే నాటకాలకి 250, మిగతావాటికి 100 పెడతాను. సురభి వేదిక మీద ఎర్ర, నీలి లైట్లు, పొగ, చీకట్లో మెరుపులు ఉంటాయి. తక్కువ బిట్‌రేట్ ముక్కలు ముక్కలుగా విరిగేది అలాంటి చోటే. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషికి 100 చాలు. అలా వేస్తే నాటకాలు 6.75, మిగతావి 3.4, మొత్తం 10.1 టీబీలు.

మెనూలో అంకెని నమ్మినా ఒక పరీక్ష చేయడం మంచిది. కొన్ని మోడ్‌లలో బిట్‌రేట్ స్థిరంగా ఉండదు, దృశ్యాన్ని బట్టి పెరిగి తరుగుతుంది. మసక వెలుతురులో కనబడే గ్రెయిన్ కూడా దాన్ని పైకి నెడుతుంది. రిహార్సల్ రోజు అదే లైట్లలో పది నిమిషాలు తీసి ఫైలు సైజు చూడండి. 250 మెగాబిట్లకి 18.75 జీబీ రావాలి. విండోస్‌లో చూస్తే అదే ఫైలు 17.46 అని కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. విండోస్ 1024తో లెక్కేస్తుంది, డిస్కులు అమ్మేవాళ్లు 1000తో లెక్కేస్తారు. అట్ట మీద 20 టీబీ అని ఉన్న డిస్కు విండోస్‌లో 18.19గా కనబడేది కూడా ఇందుకే. ఎవరూ ఏమీ కాజేయలేదు.

కార్డుల దగ్గర ఇదే గుణకారం ఇంకాస్త కటువుగా మాట్లాడుతుంది. 256 జీబీ కార్డు పెద్దదే అనిపిస్తుంది. 250 మెగాబిట్ల దగ్గర అది రెండు గంటల పదహారు నిమిషాలకి నిండిపోతుంది. నాటకం రెండున్నర గంటలు. అంటే చివరి పావుగంట, కథ ముగింపుకొచ్చే ఆ పావుగంటే, కార్డులో ఉండదు. రెండు స్లాట్ల కెమెరా అయితే రిలే పెట్టుకోవచ్చు, లేదంటే 512 తీసుకోవాలి. వేగం సంగతీ చూడాలి. 250 మెగాబిట్లంటే సెకనుకి 31.25 మెగాబైట్లు. కార్డు మీద V30 అని ఉంటే అది హామీ ఇచ్చేది సెకనుకి 30 మాత్రమే. చాలాసేపు బాగానే నడిచి, ఎప్పుడో ఒకచోట రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది. V60 కొనడమే క్షేమం.

రాత్రి నాటకం అయ్యాక చేసే డేటా డంప్ అసలు పరీక్ష. మూడు కార్డుల్లో కలిపి దాదాపు 844 జీబీలు ఉంటాయి. వీటిని రెండు వేర్వేరు డిస్కుల మీదికి కాపీ చేసి, కాపీ సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయాలి. సరిచూడడం అంటే ఫైల్ తెరిచి రెండు సెకన్లు ఆడించి చూడడం కాదు. డావిన్చీ రిజాల్వ్‌లోని క్లోన్ టూల్ లాంటివి కాపీ చేశాక రెండు వైపులా చెక్‌సమ్ లెక్కగట్టి పోలుస్తాయి. మామూలు కాపీ-పేస్ట్ ఆ పని చేయదు. చేత్తో పట్టుకెళ్లే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కు సెకనుకి 120 మెగాబైట్లు రాస్తుందనుకుంటే, 844 జీబీకి రెండు గంటలు పడుతుంది. సరిచూడడానికి మళ్లీ రెండు గంటలు. రాత్రి పదింటికి తెర పడితే డంప్ ముగిసేసరికి రెండవుతుంది. మంచి ఎస్ఎస్‌డీ, మంచి కార్డు రీడర్ ఉండి 250 మెగాబైట్లతో నడిస్తే కాపీకి గంట, పరీక్షకి గంట, పన్నెండుకల్లా పడుకోవచ్చు. నిద్ర లేని మనిషి మర్నాడు తప్పు కార్డు ఫార్మాట్ చేసే అవకాశం ఎక్కువ కాబట్టి, ఫీల్డులో ఎస్ఎస్‌డీకి పెట్టే డబ్బుని నేను విలాసం అనుకోను.

అయితే ఆ 120 కూడా అన్ని డిస్కుల్లోనూ నిలవదు. చిన్న పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో చాలావాటిలో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. పరిశ్రమలో దాన్ని ఎస్ఎంఆర్ అంటారు. అలాంటి డిస్కు కొద్దిసేపు వేగంగా రాస్తుంది, తన బఫరు నిండగానే వేగం సగానికీ ఇంకా కిందికీ పడిపోతుంది. చవక ఎస్ఎస్‌డీల్లో కూడా ఇలాంటిదే ఉంది, మొదటి కొన్ని పదుల జీబీలకి మహా జోరు, తర్వాత నీరసం. ఏదైనా కొన్న రోజే 300 జీబీల ఫైళ్లు ఒకేసారి ఎక్కించి, కాపీ గ్రాఫు చివరిదాకా చదునుగా ఉందో, మధ్యలో గోతిలో పడిందో చూడండి. గోతిలో పడిన డిస్కుని షూటింగ్‌కి తీసుకెళ్లకండి, మూడో కాపీ కోసం ఇంట్లో ఉంచుకోండి.

ఫుటేజ్ 10.1 టీబీలే అయినా, జాగా అక్కడితో ఆగదు. అనుకున్నదానికన్నా ఎక్కువ తీస్తారు కనక 30 శాతం కలిపితే 13.1. ఎడిటింగ్‌కి ప్రాక్సీలు కావాలి: 1080లో ప్రోరెస్ ప్రాక్సీ గంటకి 17 జీబీ, 135 గంటలకి 2.3 టీబీలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్యాష్‌కి ఒక టీబీ. నాటకాలకి ఎనిమిది ట్రాకుల ధ్వని విడిగా రికార్డు చేసినా వంద జీబీ దాటదు, దాన్ని వదిలేయండి. కొత్తవాళ్లు సాధారణంగా మరిచేది చివరి మాస్టర్లు. డాక్యుమెంటరీతో పాటు నాలుగు నాటకాలనూ పూర్తిగా భద్రపరచాలనుకుంటారు కదా, ఆ పది గంటలు ప్రోరెస్ 422లో 2.2 టీబీలు తింటాయి. గంటన్నర సినిమా రెండు వెర్షన్లు ప్రోరెస్ హెచ్‌క్యూలో మరో టీబీ.

ఇక డిస్కు ఎంపిక. ఎడిటింగ్ నేరుగా హార్డ్ డిస్కు మీద పెడితే ఏమవుతుందో చూడండి. మూడు కెమెరాలు పక్కపక్కనే ఆడాలంటే సెకనుకి 94 మెగాబైట్లు చాలు, డిస్కు 200 ఇస్తుంది. అయినా చిత్రం తడబడుతుంది. మూడు ఫైళ్లు మూడు చోట్ల ఉండడంతో డిస్కు లోపలి హెడ్డు అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటుంది, ఆ పరుగులోనే సమయం పోతుంది. అవే మూడు ప్రాక్సీలు ఎస్ఎస్‌డీ మీద ఆడితే సెకనుకి 14 మెగాబైట్లే కావాలి, పైగా పరిగెత్తే హెడ్డే లేదు. అందుకే ప్రాక్సీలూ క్యాష్ కలిపి 3.3 టీబీలకి ఒక 4 టీబీ ఎస్ఎస్‌డీ. ఒరిజినల్సూ మాస్టర్లూ కలిపి 16.3 టీబీలకి 20 టీబీల మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కు. అందులో దాదాపు ఐదోవంతు ఖాళీ మిగులుతుంది, మిగలాలి కూడా. నిండే కొద్దీ డిస్కు లోపలి అంచు ట్రాకులకి వచ్చి వేగం దాదాపు సగానికి తగ్గుతుంది.

ఆ 20 టీబీ డిస్కు రెండు కొనాలి, ఒకటి ఎడిట్ గదిలో, ఒకటి ఇంకో ఊళ్లో. డబ్బు చాలకపోతే ఎస్ఎస్‌డీ చిన్నది తీసుకుని ప్రాక్సీల బిట్‌రేట్ తగ్గించండి, రెండో డిస్కుని మాత్రం తగ్గించకండి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ప్రకారం మూడో కాపీ కూడా ఉండాలి: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. ఫీల్డులో వాడిన ఎస్ఎస్‌డీలను షూటింగ్ అయ్యేదాకా తుడవకుండా ఉంచితే ఆ మూడోది తాత్కాలికంగా ఉన్నట్టే. రైడ్ బాక్సు కొంటే కాపీ అక్కర్లేదనుకునేవాళ్లున్నారు. రైడ్ ఒక డిస్కు చనిపోతే పని ఆగకుండా చూస్తుంది. చేతి పొరపాటున ఫోల్డర్ తుడిస్తే అన్ని డిస్కుల మీదా ఒకేసారి తుడుస్తుంది.

సినిమా అయ్యాక ప్రాక్సీలూ క్యాష్ తీసేయొచ్చు, ఎప్పుడైనా మళ్లీ తయారవుతాయి. ఎస్ఎస్‌డీని కరెంటు లేకుండా బీరువాలో ఏళ్లతరబడి పెట్టకండి, అందులో సమాచారం కరెంటు ఛార్జు రూపంలో ఉంటుంది, కాలంతో కారిపోతుంది. హార్డ్ డిస్కునైనా ఏడాదికోసారి తిప్పి, చెక్‌సమ్‌లు మళ్లీ సరిచూడాలి.

నాటక సమాజం వాళ్లకి ఇచ్చే కాపీల లెక్క వేరు. హెచ్.264లో 20 మెగాబిట్ల దగ్గర ఒక్కో నాటకం 22.5 జీబీ, నాలుగూ కలిపి 90. ఒక 128 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. కానీ FAT32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, exFAT చేయాలి. పాత టీవీలు కొన్ని exFAT చదవవు, కాబట్టి వాళ్లు దేంట్లో పెట్టి చూస్తారో ముందే అడిగి తెలుసుకోండి.