తాండూరు బండ మేస్త్రి గారికి



వికారాబాద్ అనంతగిరి కొండల మీద జరిగిన మా రెండు రోజుల శిబిరానికి తాండూరు నుంచి పని మానుకుని వచ్చినందుకు మా అందరి తరఫున ధన్యవాదాలు. మీరు ఉపన్యాసం ఇవ్వలేదు, సుత్తీ ఉలీ పట్టుకుని పనే చేసి చూపించారు.

తాండూరు నాపరాయి సున్నపురాయేనని, పొరలు పొరలుగా ఏర్పడిందని చదువుకున్నాం. ఆ పొర ఎలా విడుతుందో మీ చేతుల్లో చూశాం. బండ అంచున పొర గీతను వేలితో వెతికి పట్టుకున్నారు. దాని వెంట ఉలిని జరుపుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు తేలిగ్గా కొట్టుకుంటూ వెళ్లారు. ఒక్కచోటే బలంగా కొడితే రాయి అడ్డంగా పగులుతుందన్నారు. అలా గీత వెంట తేలిగ్గా మళ్లీ మళ్లీ కొట్టేసరికి బండ రెండు పలకలుగా విడిపోయింది.

తర్వాత పలకలను తట్టి వినమన్నారు. మంచిది ఖంగుమంది, లోపల పగులున్నది మొద్దుగా పలికింది. పరిచిన నేలనూ అలాగే తట్టి చూడాలని, కింద మాలు అందక గుల్లగా ఉన్నచోట బరువు పడితే పలక విరుగుతుందని చెప్పారు.

పాలిష్ పట్టిన రాయి మీద మీరు వేసిన నిమ్మరసాన్ని కాసేపటికి తుడిస్తే, మెరుపు పోయి మచ్చ మిగిలింది. ఈ రాయి పరిచిన నేలను యాసిడ్‌తో ఎందుకు కడగకూడదో అప్పుడు అర్థమైంది.

మాలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు రాయి కొనే ముందు మీ దగ్గరికి వస్తామంటున్నారు. మీకు తీరిక ఉన్న రోజు చెప్పండి.

ఇట్లు,
శిబిర సభ్యులు