విడదీస్తే తక్కువ, కలిపితే ఎక్కువ

ఒక పట్టికలో రెండు వర్గాలను విడివిడిగా చూసినప్పుడు కనిపించే ధోరణి, ఆ రెండింటినీ కలిపి వేసిన మొత్తం వరుసలో తారుమారు కావడాన్ని గణాంకశాస్త్రంలో సింప్సన్ వైపరీత్యం అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో దీని గురించి వ్యాసం రాయడానికి ముందే, 1903లో ఉడ్నీ యూల్ ఈ సంగతిని చూపించాడు. సింప్సన్ పేరు దీనికి స్థిరపడింది మాత్రం 1972 తర్వాతే. పేరు ఎవరిదైనా, కూడికలో తప్పేమీ లేకుండానే మొత్తం అడ్డం తిరిగే ఈ తీరును అర్థం చేసుకోవడానికి పశ్చిమ ప్రకాశం తాగునీటి సమస్య చక్కగా అక్కరకు వస్తుంది, ఎందుకంటే అక్కడ పట్టికను తారుమారు చేసే కారణం నేల అడుగునే ఉంది.

భారతదేశంలో మనుషులకు సోకే ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించి 1937లో ప్రకటించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఆ జిల్లాకు చెందిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలూ, కర్నూలు జిల్లాకు చెందిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలూ 1970లో కొత్త జిల్లాలోకి వచ్చాయి, ఆ జిల్లాయే తర్వాత ప్రకాశం అయింది. కనిగిరి, పొదిలి వైపు గ్రానైటు జాతి రాళ్లు విస్తారంగా ఉండగా, మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పలకరాయి, దాని జాతి రాళ్లు కనిపిస్తాయి. గ్రానైటులోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా భూగర్భ జలంలోకి దిగుతుంది కనుక, రాయి మారిన చోట నీరూ మారుతుంది, పక్కపక్క ఊళ్ల బోర్ల మధ్య కూడా తేడా ఉంటుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడును కోరదగిన హద్దుగానూ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ హద్దుగానూ పెట్టింది. ఇంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీటిని చిన్నప్పటి నుంచి తాగిన పిల్లల పళ్లపై తెల్లని, పసుపు, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. వైద్యులు దంత ఫ్లోరోసిస్ అనే దీన్నే జనం గారపళ్లు అంటారు.

ఇలాంటి ప్రాంతంలో శుద్ధి నీటి ప్లాంటు నుంచి క్యాను నీళ్లు తెచ్చుకునే ఇళ్ల పిల్లలనూ, నేరుగా బోరు నీళ్లు తాగే ఇళ్ల పిల్లలనూ పోల్చిన ఒక పట్టికను ఎవరో ఫోనుతో ఫోటో తీశారని అనుకుందాం. కింది అంకెలు ఏ సర్వేవీ కావు, లెక్క తేలిగ్గా నడవడానికి ఊహించి వేసినవి. ఫోటోలో శాతాలు మాత్రమే పడ్డాయి, పిల్లల సంఖ్యలు ఉన్న కుడివైపు గడి అంచున తెగిపోయింది.

| ఊరి బోరు నీరు | ప్లాంటు నీళ్లు తాగేవారిలో గారపళ్లు | బోరు నీళ్లు తాగేవారిలో గారపళ్లు |
|---|---|---|
| ఫ్లోరైడ్ తక్కువ ఉన్న ఊళ్లు | 10% | 15% |
| ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న ఊళ్లు | 40% | 50% |
| మొత్తం | 34% | 22% |

మొదటి వరుసలో ప్లాంటు నీళ్లదే పైచేయి, రెండో వరుసలోనూ అంతే. కానీ చివరి వరుస చూసినవారికి ప్లాంటు నీళ్లు తాగిన పిల్లల్లోనే జబ్బు ఎక్కువని తోస్తుంది. పట్టికలో అచ్చుతప్పు ఉందేమోనన్న అనుమానం సహజమే అయినా, ఈ మూడు వరుసలూ ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగుతాయి, ఆ సంగతిని తెగిపోయిన గడి లేకుండానే నిరూపించవచ్చు.

మొత్తం శాతం అనేది రెండు వర్గాల శాతాల మామూలు సగటు కాదు. ఏ వర్గంలో ఎంతమంది ఉన్నారో ఆ వాటాను బట్టి ఒక శాతానికి ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ బరువు ఇచ్చి తీసిన సగటు, దీన్నే భారిత సగటు అంటారు. ప్లాంటు నిలువు వరుసలో 10 నుంచి 40 వరకు దూరం 30. మొత్తం 34 అనేది 10 నుంచి 24 దూరంలో ఉంది. 24ను 30తో భాగిస్తే 0.8 వస్తుంది, అంటే ప్లాంటు నీళ్లు తాగే పిల్లల్లో 80 శాతం మంది ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న ఊళ్లవారే. బోరు నిలువు వరుసలో 15 నుంచి 50 వరకు దూరం 35, మొత్తం 22 అనేది 15 నుంచి 7 దూరంలో ఉంది, కనుక 7ను 35తో భాగిస్తే వచ్చే 0.2 ప్రకారం బోరు నీళ్లు తాగే పిల్లల్లో 20 శాతం మందే అలాంటి ఊళ్లవారు. రెండు నిలువు వరుసల్లోనూ వెయ్యేసి మంది పిల్లలున్నారనుకుంటే, ప్లాంటు వైపు మంచి నీటి ఊళ్ల 200 మందిలో 20 మందికీ, చెడ్డ నీటి ఊళ్ల 800 మందిలో 320 మందికీ గారపళ్లున్నాయి, కలిపి 340. బోరు వైపు 800 మందిలో 120 మందికీ, 200 మందిలో 100 మందికీ ఉన్నాయి, కలిపి 220. కూడిక సరిగ్గానే ఉంది, పోల్చడమే సరిగ్గా లేదు.

ప్లాంటు వైపు పిల్లలు చెడ్డ నీటి ఊళ్లలో పోగుపడటం యాదృచ్ఛికం కాదు: నీరు బాగా లేని చోటే పంచాయతీలో, దాతలో, వ్యాపారులో ప్లాంటు పెడతారు, బోరు నీరు బాగున్న ఊళ్లో క్యాను కొనే ఇల్లు తక్కువ. అంటే ఊరి నీటిలోని ఫ్లోరైడ్ ఒకవైపు ఆ ఇంటివారు ఏ నీళ్లు తాగాలన్నదాన్నీ, మరోవైపు పిల్లల పళ్లనూ ప్రభావితం చేస్తోంది. పోల్చదలచిన కారణాన్నీ, కొలవదలచిన ఫలితాన్నీ రెండింటినీ ముందుండి నడిపే ఇలాంటి మూడో విషయాన్ని కలగలుపు కారకం అనవచ్చు. మొత్తం వరుసలోని 34, 22 అన్న అంకెలు ప్లాంటు నీళ్లను బోరు నీళ్లతో పోల్చడం లేదు; చాలావరకు చెడ్డ నీటి ఊళ్లను మంచి నీటి ఊళ్లతో పోలుస్తున్నాయి.

దీనికి గణాంకవేత్తలు చేసే మరమ్మతు ప్రామాణీకరణ. రెండు వైపులా ఊళ్ల కలయిక ఒకటేనని ముందుగా నిర్ణయించుకుని, ఆ కలయికకు తగ్గట్టు మొత్తాన్ని మళ్లీ లెక్కగడతారు. ఇక్కడ రెండు నిలువు వరుసలనూ కలిపితే మంచి నీటి ఊళ్ల పిల్లలు వెయ్యి మంది, చెడ్డ నీటి ఊళ్ల పిల్లలు వెయ్యి మంది, అంటే సగం సగం. ఆ బరువులతో ప్లాంటు వైపు 10, 40ల సగటు 25 శాతమూ, బోరు వైపు 15, 50ల సగటు 32.5 శాతమూ అవుతాయి. తలకిందులైన మొత్తం మళ్లీ నిలువుగా నిలబడింది.

ఊహించిన అంకెల్లోనే ఇలా జరుగుతుందని అనుకోనక్కర్లేదు. మూత్రపిండాల్లో రాళ్లకు చేసే చికిత్సలను పోలుస్తూ లండన్ వైద్యులు 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన ఫలితాల్లో, కోత పెట్టి చేసే శస్త్రచికిత్స 350 మందిలో 273 మందికి, అంటే 78 శాతం మందికి ఫలించగా, చర్మానికి చిన్న రంధ్రం చేసి రాయిని తీసే పద్ధతి 350 మందిలో 289 మందికి, అంటే 83 శాతం మందికి ఫలించింది. రాళ్ల పరిమాణాన్ని బట్టి విడదీస్తే మాత్రం చిన్న రాళ్లలో కోత 93 శాతం, రంధ్రం 87 శాతం. పెద్ద రాళ్లలో కోత 73, రంధ్రం 69. పెద్ద రాళ్లున్నవారు కోత వైపు 263 మంది, రంధ్రం వైపు 80 మందే. కష్టమైన రోగులు ఎటు ఎక్కువగా వెళ్లారో ఆ చికిత్స మొత్తం మీద బలహీనంగా కనబడింది. చెడ్డ నీటి ఊళ్లు ప్లాంటు గడిలోకి చేరినట్టే ఇదీ.

ఇక ఫోటోగా చేతికి వచ్చిన పట్టికతో ఉండే ఇబ్బంది వేరు. అందులో చాలాసార్లు సంఖ్యలు పోయి శాతాలే మిగులుతాయి, ఒక్కోసారి పై వరుసలు కూడా పోయి మొత్తం వరుసే మిగులుతుంది. వర్గాల శాతాలు ఉంటే మూడు పరీక్షలు చేయవచ్చు. మొత్తం ఎప్పుడూ వర్గాల కనిష్ఠ, గరిష్ఠాల మధ్యే ఉండాలి. పైన చెప్పిన భాగహారంలో సున్నాకు తక్కువో, ఒకటికి ఎక్కువో వస్తే అంకె తప్పైనా అయి ఉండాలి, ఇంకో వర్గపు వరుస ఫోటోలో పడకపోయైనా ఉండాలి. రెండోది, ఒకవైపు అత్యధిక శాతం రెండోవైపు అత్యల్ప శాతం కన్నా తక్కువగా ఉంటే బరువులు ఎలా మార్చినా తారుమారు సాధ్యం కాదు. మన పట్టికలో ప్లాంటు వైపు 40 అన్నది బోరు వైపు 15ను దాటింది కాబట్టే అది జరగగలిగింది. మూడోది, తిరిగి రాబట్టిన వాటాలు రెండు వైపులా ఒకటేనని తేలితే తారుమారు జరగదు, అప్పుడు మొత్తం వరుసను నమ్మవచ్చు. అయితే ఈ భాగహారానికీ ఒక హద్దుంది. వర్గాల శాతాలు 10, 12, మొత్తం 11 అని గుండ్రం చేసిన అంకెలు ఉంటే అసలు విలువలు అటూ ఇటూ అర శాతం జరిగి ఉండవచ్చు కనుక, వాటా సున్నా నుంచి ఒకటి వరకు ఏదైనా కావచ్చు. వర్గాల మధ్య దూరం పెద్దదైనప్పుడే ఈ పద్ధతి పనికొస్తుంది. మొత్తం వరుస ఒక్కటే ఉన్న ఫోటోతో చేయగలిగింది ఏమీ లేదు, అసలు కాగితం అడగడం తప్ప.

విడదీసిన పట్టికే ఎప్పుడూ నిజమన్న నియమం కూడా లేదు, ఈ ముక్కను చాలామంది వదిలేస్తారు. సింప్సన్ తన 1951 వ్యాసంలో ఒకే అంకెల వరుసను రెండు సందర్భాల్లో వాడి, వైద్యం విషయంలో విడదీసిన పట్టికా, పసిబిడ్డ మురికి చేసిన పేకముక్కల విషయంలో కలిపిన పట్టికా అర్థవంతమని చూపించాడు. అంకెలు ఒకటే అయినప్పుడు ఏది చదవాలో అంకెలు చెప్పలేవు, ఏది ముందు ఏది వెనుక అన్న సంగతి తెలిసినవారే చెప్పాలి. ఊరి బోరులోని ఫ్లోరైడ్ ప్లాంటు కన్నా ముందటిది కనుక దాన్ని బట్టి విడదీయడం న్యాయం. అదే పిల్లల మూత్రంలోని ఫ్లోరైడును బట్టి విడదీస్తే పరిస్థితి వేరు: ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్ మూత్రం ద్వారా బయటకు వస్తుంది, శుద్ధి నీళ్లు తాగితే అదే తగ్గుతుంది, కాబట్టి మూత్రంలో ఒకే మోతాదు ఉన్న పిల్లలను మాత్రమే పోలిస్తే ప్లాంటు చేసిన మేలునే పట్టికలోంచి తుడిచేసినట్టు అవుతుంది.

ఊరి నీటిని బట్టి విడదీశాక మిగిలిన 40, 50 శాతాల తేడాను కూడా ప్లాంటు ఫలితమని వెంటనే రాయలేము. శాశ్వత దంతాల మీది ఎనామిల్, జ్ఞానదంతాలను మినహాయిస్తే, సుమారు ఎనిమిదేళ్ల వయసులోపే తయారవుతుంది, ఆ తర్వాత తాగిన నీరు మచ్చలను పెంచదు, ఉన్నవాటిని పోగొట్టదు. ఊళ్లో ప్లాంటు వచ్చి మూడేళ్లే అయితే, ఇప్పుడు పద్నాలుగేళ్లున్న పిల్లవాడు పళ్లు తయారైనంత కాలం బోరు నీళ్లే తాగి, పట్టికలో మాత్రం ప్లాంటు గడిలో పడతాడు. ఇలాంటి పిల్లలు ఎంత ఎక్కువగా ఉంటే ప్లాంటు మేలు అంత చిన్నదిగా కనిపిస్తుంది. తాగడానికి క్యాను నీళ్లు తెచ్చి, వంటకు బోరు నీళ్లే వాడే ఇళ్లు కూడా అదే దిశలో లెక్కను లాగుతాయి. అందుకని ప్లాంటు వచ్చినప్పుడు బిడ్డ వయసెంత, వంట ఏ నీళ్లతో అన్న రెండు ప్రశ్నలను చేర్చి మళ్లీ విడదీయాలి. అలా విడదీసేకొద్దీ గడులు ఎనిమిదీ పదహారూ అయి, కొన్ని గడుల్లో పదిమంది పిల్లలైనా మిగలకపోవచ్చు, పదిమందే ఉన్న గడిలో ఒక్కరి పళ్లు మారినా శాతం పది మారిపోతుంది. కాబట్టి సర్వేకు బయలుదేరే ముందే ఎన్ని ఊళ్లు, ఏ వయసు పిల్లలు కావాలో ఈ గడులను కాగితం మీద గీసుకుని లెక్క వేసుకోవాలి.